ముందు క్రియ చెప్పండి: ఇంగ్లిష్ హెడ్‌ఫోన్ల కోసం ప్రవచనం వేగం సర్దుకోవటం

ఈ మధ్య ప్రవచనాలు జరిగే చాలా చోట్ల ఒక కొత్త ఏర్పాటు కనిపిస్తోంది. వేదిక మీద తెలుగులో కథ నడుస్తుంటుంది. వెనక వరసల్లో కొందరు పిల్లలు హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే కథని ఇంగ్లిష్‌లో వింటుంటారు. ఆన్‌లైన్‌లో అయితే అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పుట్టి పెరిగిన మనవాళ్ల పిల్లలు జూమ్‌లో భాష మార్చుకుని వింటారు. ఆ ఇంగ్లిష్ గొంతు ఒక ఇంటర్‌ప్రెటర్‌ది. వక్త ఆగాక చెప్పే అనువాదం కాదు ఇది. వక్త మాట్లాడుతుండగానే, వింటూనే, పక్క భాషలో చెప్పుకుంటూ పోవాలి.

ఆడియో బాగోకపోతే మైక్ మారుస్తాం. అనువాదం బాగోకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని అంటాం. కానీ రెండు ట్రాకులూ పక్కపక్కన పెట్టి వింటే, అర్థం జారిపోయిన చోట్లలో చాలావాటికి కారణం అనువాదకురాలి ఇంగ్లిష్ కాదు, తెలుగు వాక్యం కట్టిన తీరు. ఈ పోస్ట్ వేదిక ఎక్కి చెప్పేవాళ్ల కోసం: పండితుల కోసమే కాదు, గుళ్లో వారానికోసారి పిల్లలకి కథ చెప్పే మీలాంటి, నాలాంటి వాళ్ల కోసం కూడా.

ముందుగా ఆ కుర్చీలో ఏం జరుగుతుందో చూద్దాం. ఇంటర్‌ప్రెటర్ మాట వక్త మాట కంటే కొంచెం వెనక నడుస్తుంది. మామూలుగా రెండు నుంచి నాలుగు సెకన్ల తేడా. ఆ కాసేపట్లో ఆమె మూడు పనులు ఒకేసారి చేస్తోంది: ఇప్పుడు వస్తున్న మాట వింటోంది, అంతకుముందు విన్నది గుర్తుపెట్టుకుంటోంది, దానికంటే ముందుది ఇంగ్లిష్‌లో పలుకుతోంది. డానియెల్ జిల్ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు ఈ పనిని ఇలాగే విడగొట్టి చూపించాడు. ఆయన మాటల్లోని సారం మనలాంటి వాళ్లకి సులువుగా అర్థమవుతుంది. మెమరీ ఒక్కటే, అందులో మూడు ప్రాసెస్‌లు నడుస్తున్నాయి. ఒకటి ఎక్కువ తింటే మిగతావి ఆగుతాయి. ఇంటర్‌ప్రెటర్లు ఎప్పుడూ ఆ అంచు దగ్గరే పనిచేస్తుంటారు. అందుకే ఇద్దరు కూర్చుని ఇరవై, ముప్పై నిమిషాలకోసారి మైక్ మార్చుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. ఇంగ్లిష్ వాక్యం మొదలుపెట్టాలంటే రెండు కావాలి: ఎవరు, ఏం చేశారు. "హనుమా" అన్నాక వెంటనే "శా" అనో "డిసైడెడ్" అనో రావాలి. తెలుగులో క్రియ చివర్న వస్తుంది. "కాదు", "లేదు", "కూడదు" కూడా అక్కడే ఉంటాయి. అంటే వక్త వాక్యం పూర్తిచేసేదాకా ఇంటర్‌ప్రెటర్ చేతిలో వాక్యం మొదలుపెట్టటానికి కావలసిన ముక్క ఉండదు. వాక్యం చిన్నదైతే ఇబ్బంది లేదు. పెద్దదైతే?

ఒక వాక్యాన్ని విప్పి చూద్దాం

సుందరకాండ 30వ సర్గలో ఘట్టం. హనుమంతుడు సీతమ్మని చూశాడు, ఇంకా పలకరించలేదు. ఏ భాషలో పలకరించాలా అని ఆలోచిస్తున్నాడు. (అనువాదం గురించి రాస్తూ ఈ ఘట్టాన్ని వదిలేయటం నా వల్ల కాలేదు.) దీన్ని ప్రవచనంలో ఇలా చెప్పారనుకోండి:

"అశోకవనంలో శింశుపా వృక్షం మీద ఆకుల మధ్య దాక్కుని, రాక్షస స్త్రీల మధ్య శోకిస్తున్న సీతమ్మని చూసిన హనుమంతుడు, సంస్కృతంలో మాట్లాడితే తనని రావణుడే అనుకుని ఆమె భయపడుతుందేమో అని ఆలోచించి, ఆ భాషలో మాట్లాడటం మంచిది కాదని నిర్ణయించుకున్నాడు."

తెలుగులో ఇది చక్కని వాక్యం. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. మొత్తం 29 మాటలు, ఊపుగా చెబితే పదిహేను సెకన్ల పైమాటే. ఇప్పుడు హెడ్‌ఫోన్ల వైపు నుంచి వినండి.

మొదటి పదమూడు మాటల దాకా కర్త లేడు. హనుమంతుడు పద్నాలుగో మాటగా వచ్చాడు. ఈలోపు ఏడెనిమిది సెకన్లు గడిచాయి, ఇంటర్‌ప్రెటర్ నోరు విప్పటానికి ఆధారం లేదు. మౌనంగా ఉంటే వినేవాళ్లు కనెక్షన్ పోయిందనుకుంటారు. అందుకని ఏదో ఒకటి మొదలుపెట్టాలి. చెట్టు, ఆకులు, దాక్కోవటం వినిపించాయి. ఆ తర్వాత వచ్చిన మొదటి పేరు సీతమ్మది. కథ తెలియని ఇంటర్‌ప్రెటర్ అయితే సీతమ్మే ఆకుల్లో దాక్కుందని చెప్పేసే ప్రమాదం ఉంది. తెలుగులో మనకి అలా వినపడదు, ఎందుకంటే మనం వాక్యం చివరిదాకా ఆగి అర్థం చేసుకుంటాం. ఆమెకి ఆ వెసులుబాటు లేదు.

రెండో సగంలో ప్రమాదం ఇంకొంచెం లోతైనది. "సంస్కృతంలో మాట్లాడితే... రావణుడే అనుకుని... భయపడుతుందేమో" దాకా వచ్చాక "అని ఆలోచించి" వస్తుంది. అంటే అప్పటిదాకా విన్నదంతా జరిగిన విషయం కాదు, ఒకరి మనసులోని ఆలోచన అని అప్పుడు తెలుస్తుంది. కాస్త ముందే నోరు విప్పిన ఇంటర్‌ప్రెటర్ దాన్ని జరిగినట్టుగా చెప్పేసి ఉంటుంది: హనుమంతుడు సంస్కృతంలో మాట్లాడాడు, సీతమ్మ భయపడింది. ఆఖర్న "మంచిది కాదని" అనే ముక్క వినపడేసరికి ఆమె ఇంకా ముందు భాగం పలుకుతూ ఉంటుంది. అప్పటికే వక్త తర్వాతి వాక్యంలోకి వెళ్లిపోయారు. ఆ "కాదు" ఒక్కటి జారిపోతే అర్థం పూర్తిగా తిరగబడుతుంది. జారిందని వక్తకీ తెలియదు, పిల్లలకీ తెలియదు.

ఇప్పుడు అదే సమాచారం ఇంకోలా:

"అశోకవనం. హనుమంతుడు చెట్టు మీద ఉన్నాడు. శింశుపా వృక్షం. ఆకుల మధ్య దాక్కున్నాడు." ఇక్కడ చిన్న విరామం. "కింద సీతమ్మ కనిపించింది. ఏడుస్తోంది. చుట్టూ రాక్షస స్త్రీలు." మళ్లీ విరామం. "హనుమంతుడు ఏమనుకున్నాడంటే, నేను సంస్కృతంలో మాట్లాడకూడదు. ఎందుకంటే, సీతమ్మ భయపడుతుంది. నన్ను రావణుడే అనుకుంటుంది."

లెక్కపెట్టండి, 28 మాటలు. మొదటిదానికంటే ఒకటి తక్కువే. అంటే విరామాలు పక్కన పెడితే సమయం పెరగలేదు. మారిందల్లా క్రియలు ఉన్న చోటు. మొదటిదాంట్లో వాక్యాన్ని ముగించే క్రియ ఒక్కటే, అదీ 29వ మాట. రెండోదాంట్లో ప్రతి రెండు మూడు సెకన్లకి ఒకటి వస్తోంది. ఇంటర్‌ప్రెటర్ వెనకబడే తేడా కూడా రెండు నుంచి నాలుగు సెకన్లే కాబట్టి, రెండూ సరిపోయాయి.

ఇందులో "ఏమనుకున్నాడంటే" అనే మాటని ప్రత్యేకంగా చూడండి. మామూలు తెలుగు వాక్యంలో "...అని అనుకున్నాడు" చివర్న రావాలి. ఈ ఒక్క మాట ఆ తోకని తీసుకొచ్చి తల దగ్గర పెట్టేసింది. ఎవరు, ఏం చేశారు అనే రెండూ ముందే వచ్చేశాయి కాబట్టి ఇంటర్‌ప్రెటర్ హాయిగా "హనుమా థాట్" అని మొదలుపెట్టి మిగతాదాని కోసం ఎదురుచూడొచ్చు. ఇది కొత్తగా కనిపెట్టిన చిట్కా కాదు. "ఏమన్నాడయ్యా అంటే", "ఎందుకొచ్చాడంటే", "ఎలా ఉందంటే": ప్రవచనాల్లో, హరికథల్లో, మన అమ్మమ్మలు చెప్పే కథల్లో ఇవి ఎప్పటినుంచో ఉన్నాయి. పుస్తక భాషలో మాట్లాడాలనుకున్నప్పుడే మనం వీటిని వదిలేసి "అని" వైపు వెళ్తాం. అనువాదం ఉన్న రోజు మాత్రం మాట్లాడే తెలుగునే నమ్ముకోండి.

ఇలాగే చూసిన, వచ్చిన, కూర్చున్న లాంటి రూపాల విషయంలో జాగ్రత్త. పేరుకి ముందు ఇవి ఒకటి ఉంటే ఫర్వాలేదు, మూడు వరసగా వస్తే పేరు వచ్చేదాకా ఇంటర్‌ప్రెటర్ గాల్లో ఉన్నట్టే. పేరు ముందు చెప్పి, సంగతులు తర్వాత చెప్పండి. వెళ్లి, చూసి, దూకి అనే వరస మాత్రం అంత చెడ్డది కాదు. కర్త ముందే వచ్చి ఉంటే అవి జరిగిన క్రమంలోనే వస్తాయి కాబట్టి ఒక్కోదాన్ని ఒక్కో ఇంగ్లిష్ వాక్యంగా తెంపుకోవచ్చు. వాటికి భయపడి కథ ఊపు పోగొట్టుకోవద్దు.

నెమ్మదిగా మాట్లాడితే సరిపోదా?

నిర్వాహకులు వక్తకి ఇచ్చే సలహా ఎప్పుడూ ఒకటే: "కొంచెం నెమ్మదిగా మాట్లాడండి". దీంతో నాకు పేచీ ఉంది. పైన చెప్పిన 29 మాటల వాక్యాన్నే నెమ్మదిగా చెప్పి చూడండి. పదిహేను సెకన్లది పాతిక సెకన్లు అవుతుంది. క్రియ ఇప్పుడు పాతికో సెకనులో వస్తుంది. ఇంటర్‌ప్రెటర్ అవే ముక్కల్ని ఇంకా ఎక్కువసేపు గుర్తుపెట్టుకోవాలి. వేగం తగ్గించినందువల్ల కష్టం పెరిగింది! పొడవు వాక్యం నెమ్మదిగా చెప్పటం కంటే పొట్టి వాక్యం మామూలు వేగంతో చెప్పి ఆగటమే మేలు.

దీనికి పాత సాక్ష్యం ఒకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకుల మీద న్యూరెంబర్గ్‌లో విచారణ 1945 నవంబరులో మొదలైంది. ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్, జర్మన్, నాలుగు భాషల్లో ఒకేసారి నడిపారు. ఈ రకం అనువాదాన్ని అంత పెద్ద ఎత్తున వాడటం అక్కడే మొదలు. మాట్లాడేవాళ్లకి కనిపించేలా దీపాలు పెట్టారు. పసుపు దీపం వెలిగితే నెమ్మదించమని, ఎరుపు వెలిగితే ఆగమని. వేగం సంగతి దీపాలు చూసుకున్నాయి. కానీ జర్మన్‌లో కూడా చాలా వాక్యాల్లో క్రియ ఆఖర్నే వస్తుంది. దాని కోసం కాచుకు కూర్చోవటం అక్కడి అనువాదకులకి పెద్ద తలనొప్పి అయింది. ఏ దీపమూ క్రియని ముందుకి తేలేదు కదా. ఆ పని మాట్లాడేవాళ్లే చెయ్యాలి.

"నిమిషానికి ఎన్ని మాటలు" అన్న లెక్కతో కూడా తెలుగులో జాగ్రత్తగా ఉండాలి. ఇంగ్లిష్ వక్తలకి నిమిషానికి 100 నుంచి 120 పదాలు అనువాదానికి అనుకూలమని చెబుతుంటారు. అదే అంకె తెలుగుకి తగిలిస్తే మోసపోతాం. "చెప్పలేకపోయాడు" మనకి ఒక్క మాట. ఇంగ్లిష్‌లో "హీ వాజ్ నాట్ ఏబుల్ టు సే", ఆరు. మనం నిమిషానికి వంద మాటలే అంటున్నా, అవతల ఆమె అంతకంటే చాలా ఎక్కువ పలకాలి. అందుకే నేను మాటలు లెక్కపెట్టటం మానేశాను. నా కొలత ఊపిరి. ఒక ఊపిరిలో వాక్యాన్ని ముగించే క్రియ ఒకటైనా రావాలి. వచ్చాక ఆగాలి.

ఎక్కడ ఆగుతామన్నది కూడా ముఖ్యం. మనకి నాటకీయంగా ఆగే అలవాటు ఒకటి ఉంది. "హనుమంతుడు సీతమ్మతో సంస్కృతంలో..." అని ఆగి, సభని ఒకసారి చూసి, "మాట్లాడలేదు" అంటాం. హాల్లో అది బాగా పండుతుంది. హెడ్‌ఫోన్లలో మాత్రం ఆ విరామం వృథా. వాక్యంలో ముఖ్యమైన ముక్క రాకుండా ఆగారు కాబట్టి ఆ రెండు సెకన్లలో ఇంటర్‌ప్రెటర్ చెయ్యగలిగింది ఏమీ లేదు. అదే రెండు సెకన్లు క్రియ తర్వాత ఇచ్చి ఉంటే, వెనకబడిందంతా అందుకునేది. నాటకీయత కావాలంటే ప్రశ్నతో తెచ్చుకోండి: "సంస్కృతంలో మాట్లాడాడా?" విరామం. "మాట్లాడలేదు." ప్రశ్న పూర్తి వాక్యం కాబట్టి ఆమె దాన్ని వెంటనే అనువదిస్తుంది, పిల్లలు కూడా మీతోపాటు ఎదురుచూస్తారు.

ఇంకో చివరకి వెళ్లకండి. అన్నీ రెండు మాటల వాక్యాలే అయితే, ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఏమిటో ఇంటర్‌ప్రెటర్ ఊహించుకోవాల్సి వస్తుంది. భయపడింది కాబట్టి మాట్లాడలేదా, మాట్లాడలేదు కాబట్టి భయపడలేదా? అందుకే ఎందుకంటే, అయితే, అందుకని లాంటివి వాక్యం మొదట్లో స్పష్టంగా పలకండి. పొడవు వాక్యంలో "-తే", "-నా" అని మాట చివర కలిసిపోయే సంబంధాలన్నీ ఇక్కడ విడి మాటలుగా బయటికి రావాలి.

మరి తెలుగు తెలిసి హాల్లో కూర్చున్న పెద్దవాళ్లు? సమాసాలతో, వర్ణనతో సాగే పెద్ద వాక్యం వాళ్లకి ఒక ఆనందం. అది తీసేయమనటం లేదు. క్రమం మార్చమంటున్నాను. ముందు పొట్టి వాక్యాల్లో సంగతి చెప్పేయండి. తర్వాత అదే సంగతిని మీకు నచ్చినంత వర్ణనతో మళ్లీ చెప్పండి. రెండోసారి వచ్చేటప్పటికి ఇంటర్‌ప్రెటర్‌కి కథ తెలుసు. అందులోంచి ఒక అందమైన పోలిక ఏరుకుని చెబుతుంది, మిగతాది వదిలేసినా ఏమీ పోదు.

శ్లోకం వచ్చినప్పుడు

అన్నిటికంటే ఎక్కువగా తెగిపోయేది ఇక్కడే. శ్లోకాన్ని అప్పటికప్పుడు ఎవరూ అనువదించలేరు, అడగటం కూడా అన్యాయం. చదివే ముందు ఒక్క వాక్యం చెప్పండి: "ఇప్పుడు ఒక శ్లోకం. ఇందులో హనుమంతుడి భయం ఉంది." ఆమె అది చెప్పి మైక్ తగ్గించేస్తుంది. పిల్లలు శ్లోకాన్ని మీ గొంతులో వింటారు, దేని గురించో తెలిసి వింటారు. పూర్తయ్యాక ఒక్క క్షణం ఆగి తాత్పర్యం మొదలుపెట్టండి.

తాత్పర్యం అన్నాను, ప్రతిపదార్థం కాదు. సంస్కృత పదం, దాని తెలుగు అర్థం, మళ్లీ సంస్కృత పదం, మళ్లీ తెలుగు అర్థం, ఇలా గబగబా వెళ్తుంటే ఇంటర్‌ప్రెటర్ ఆ రెండూ విని మూడోది పలకాలి, అదీ మీరు తర్వాతి పదానికి వెళ్లేలోపు. మూడో పదానికే దారం తెగుతుంది. ప్రతిపదార్థం తప్పనిసరి అయితే రెండు ముఖ్యమైన పదాలు ఎంచుకుని, ఒక్కోదాని తర్వాత ఆగండి.

పేర్ల సంగతి కూడా ఇలాంటిదే. ఆంజనేయుడు, మారుతి, పవనసుతుడు, వాయునందనుడు: మనకి ఒక్కరే. హెడ్‌ఫోన్లలో వినే పన్నెండేళ్ల పిల్లకి నలుగురు. ఒక కథకి ఒక పేరు పెట్టుకోండి. పేర్లు, సంఖ్యలు వచ్చే చోట ఇంకొంచెం ఎక్కువ ఆగండి. మిగతా వాక్యంలో ఒక మాట పోయినా పక్క మాటల నుంచి అర్థం ఊహించుకోవచ్చు, పేరూ సంఖ్యా అలా ఊహకి దొరకవు. ముందురోజే ఒక్క పేజీ పంపితే ఇంకా మంచిది: రేపటి కథలో వచ్చే పేర్లు, సర్గ సంఖ్యలు, చదవబోయే శ్లోకాలు, ధర్మం లాంటి అనువదించకుండా అలాగే ఉంచాల్సిన మాటలు.

జారుతోందని ఎలా తెలుస్తుంది

వేదిక మీద ఉన్నవాళ్లకి అనువాదం వినపడదు. కానీ నవ్వు వినపడుతుంది. ఒక చమత్కారం చెప్పాక ముందు వరసలు వెంటనే నవ్వుతాయి, హెడ్‌ఫోన్ల వాళ్లు మూడు నాలుగు సెకన్ల తర్వాత నవ్వుతారు. ఆ రెండో నవ్వు వచ్చేదాకా తర్వాతి వాక్యం ఎత్తుకోవద్దు. రెండో నవ్వు అసలు రాకపోతే, అంతకుముందు పది సెకన్లలో ఎక్కడో తెగిందన్నమాట. ఆ సంగతిని పొట్టి వాక్యంలో ఇంకోసారి చెప్పండి.

ఇంగ్లిష్ ట్రాక్ వినేవాళ్లు ఒకరు హాల్లో ఉంటే, వాళ్లు గమనించాల్సింది ఇంటర్‌ప్రెటర్ లయ. చాలాసేపు మౌనం, తర్వాత గుక్క తిప్పుకోకుండా పరుగు, మళ్లీ మౌనం, ఇలా ఉంటే క్రియ కోసం కాచుకుంటోందని అర్థం. పేర్లు మాయమై "ఆయన", "వాళ్లు", "ఆ విషయం" లాంటివే మిగిలితే మెమరీ నిండిపోయింది. అప్పుడు వక్తకి సైగ చెయ్యాలి. సైగ ఒకటి ముందే అనుకుని ఉండాలి. పసుపు రంగు కాగితం ఒకటి చాలు.

కార్యక్రమం అయ్యాక మీ విరామాలు ఎక్కడ పడ్డాయో చూసుకోవాలంటే, టెర్మినల్ అలవాటున్న వాళ్లకి ఒక చిన్న దారి ఉంది. తెలుగు రికార్డింగ్ మీద ఇది నడపండి:

```
ffmpeg -i katha.wav -af silencedetect=noise=-30dB:d=0.7 -f null -
```

0.7 సెకన్లకి మించిన ప్రతి నిశ్శబ్దం ఎక్కడ మొదలైందో, ఎంతసేపు ఉందో `silence_start`, `silence_duration` అని చూపిస్తుంది. వెనక తంబూర శ్రుతి నడుస్తుంటే -30 దగ్గర ఏమీ దొరక్కపోవచ్చు. అప్పుడు -25కి మార్చి చూడండి. వచ్చిన జాబితాలో ఒక పది చోట్లు తీసుకుని, విరామానికి సరిగ్గా ముందున్న మాట ఏమిటో వినండి. అది క్రియ అయితే ఆ విరామం ఇంటర్‌ప్రెటర్‌కి చేరినట్టు. "హనుమంతుడు", "సంస్కృతంలో", "ఆ అశోకవనంలో" లాంటి మాటలైతే ఆ విరామం హాల్‌కి మాత్రమే చేరింది. ఈ పదింటిలో ఎన్ని క్రియ తర్వాత పడ్డాయో రాసి పెట్టుకుని, వచ్చే వారం రికార్డింగ్‌తో పోల్చండి.

ఇంగ్లిష్‌లో మాట్లాడే వక్తని తెలుగులోకి అనువదించేటప్పుడు ఇబ్బంది తిరగబడుతుంది. క్రియ ముందే వచ్చేస్తుంది, ఇంటర్‌ప్రెటర్ దాన్ని దాచుకుని చివర్న పెట్టాలి. అక్కడ కూడా పొట్టి వాక్యాలే కాపాడతాయి, కాకపోతే "ఏమన్నాడంటే" లాంటి తాళంచెవి ఈసారి వక్త దగ్గర కాకుండా ఇంటర్‌ప్రెటర్ చేతిలో ఉంటుంది.